చట్రం – కర్ణపు కొలత

వరంగల్లు కాశిబుగ్గలో ఒక వడ్రంగి కిటికీ చట్రాన్ని కూరుస్తున్నాడనుకుందాం. వెలుపలి అంచుల మధ్య దాని వెడల్పు 90, ఎత్తు 120 సెంటీమీటర్లు ఉండాలి. మూలమట్టం చేతిలో ఉన్నా దాని చేయి పొట్టిది. జానెడు దూరంలో కంటికి ఆనని వంపు, నిలువుచెక్క చివరికి చేరేసరికి స్పష్టమైన తేడాగా పరిణమిస్తుంది. అందుచేత ఎదురెదురు చెక్కలు సమానమని చూసుకొని, మూల నుండి ఎదురుమూలకు టేపు పట్టడమే ఉత్తమం.

పైథాగరస్ పేరిట ప్రసిద్ధమైన ఈ నియమం బౌధాయన శుల్బసూత్రంలోనూ ఉంది. 90, 120ల వర్గాల మొత్తం 22,500. దాని వర్గమూలం 150. రెండు కర్ణాలూ అంతే ఉంటే కోతా, మూలలూ సరిగా ఉన్నట్లే. ఒకటి 151, మరొకటి 149 వస్తే చట్రం ఒరిగిందన్నమాట. మేకులు దిగకముందే పొడవైన కర్ణం కొసలను లోపలికి నొక్కితే అది సర్దుకుంటుంది. రెండూ 151 వస్తే మాత్రం ఎంత నొక్కినా ప్రయోజనం లేదు. అప్పుడు దోషం మూలలో కాదు, కోతలో ఉంది. ఏ జత చెక్కలు పొడవయ్యాయో కొలిచి, రెండింటినీ సమంగా కోయవలసిందే.