విదూషకుడి కోటు లాగేసిన రోజు

1638 మార్చి 11న లండన్‌లోని వైట్‌హాల్ రాజభవనంలో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ మంత్రులతో కొలువుదీరాడు. ఉత్తరాన స్కాట్లండ్ అట్టుడుకుతోంది, ఖజానాలో డబ్బు లేదు, తలకు మించిన పనులున్నాయి. అయినా ఆ రోజు సభ ఒక హాస్యగాడి సంగతి తేల్చడానికి తీరిక చేసుకుంది. రాజుగారి ఆస్థాన విదూషకుడు ఆర్చిబాల్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ను దారుణంగా దూషించాడనీ, ఇద్దరు సాక్షులు దాన్ని రుజువు చేశారనీ, కాబట్టి అతని కోటు తలమీదుగా లాగేసి, కొలువు నుంచి తీసేసి, రాజభవనం నుంచి వెళ్లగొట్టాలనీ ఉత్తర్వు రాశారు. రాజుగారే దగ్గరుండి వేయించిన శిక్ష అది.

రాజును ఎంత మాటన్నా చెల్లిపోయే మనిషి ఒకడుంటాడని మనం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. కృష్ణదేవరాయల కొలువులో తెనాలి రామకృష్ణుడు చేసిన చిలిపి పనులు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అయితే ఆ కథలు జనం నోళ్లలో పెరిగినవి. వాటిని పట్టుకుని ఆ చనువు ఎక్కడిదాకా సాగిందో తేల్చడం కుదరదు. ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి వేరు. అతని జీతం, ప్రయాణాలు, ఉద్వాసన అన్నీ కాగితం మీదికెక్కాయి. విదూషకుడి స్వేచ్ఛ ఎక్కడ మొదలై ఎక్కడ తెగిపోతుందో అతని బతుకులో స్పష్టంగా కనిపిస్తుంది.

అందరూ ఆర్చీ అని పిలిచేవారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల మనిషి. ఆర్మ్‌స్ట్రాంగ్‌లంటే ఆ ప్రాంతంలో పశువుల దొంగతనాలకు పేరుమోసిన వంశం. ఇతనూ కుర్రతనంలో గొర్రెలు ఎత్తుకుపోయినవాడేనని చెప్పుకునేవారు. స్కాట్లండ్ రాజు జేమ్స్ 1603లో ఇంగ్లండ్‌కు కూడా రాజై లండన్‌కు తరలివచ్చినప్పుడు ఆర్చీ ఆయన వెంట వచ్చాడు. 1611లో అతనికి జీవితాంతం రోజుకు రెండు షిల్లింగుల భృతి రాసిచ్చారు. చేతిపని తెలిసిన మనిషి రోజు కూలి అంతకంటే తక్కువే ఉండేది.

ఆ కాలపు ఇంగ్లండ్‌లో విదూషకులు రెండు రకాలు. బుద్ధి ఎదగని మనుషులను తెచ్చి రాజభవనంలో పెంచేవారు. వాళ్ల నోట అమాయకంగా వచ్చే మాటను దైవవాక్కులా తీసుకునేవారూ ఉన్నారు, దానికి పగలబడి నవ్వేవారూ ఉన్నారు. రెండో రకం తెలివిగా పిచ్చివేషం కట్టేవాళ్లు. ఆర్చీ రెండో రకం. ఎవరైనా సరే, ఒంటిమీద విదూషకుడి కోటు ఉన్నంతసేపు అతని మాట సలహా కిందా లెక్కకు రాదు, ఆరోపణ కిందా రాదు. మంత్రి చెప్పిన మాటను రాజు వినాలి, లేదా కాదనాలి. విదూషకుడు అదే మాట అంటే నవ్వేసి ఊరుకోవచ్చు. రాజుకు కలిసొచ్చింది ఇదే. పదవి కోసమో భూముల కోసమో తన ముందు నాలుక మడత పెట్టే జనం మధ్య, ఏ వర్గానికీ చెందని ఒక గొంతు ఆయనకు వినిపించేది, దానికి జవాబు చెప్పాల్సిన పని లేకుండా.

కానీ ఈ స్వేచ్ఛను ఏ చట్టమూ ఇవ్వలేదు. రాజు నవ్వినంతకాలమే అది నిలుస్తుంది. షేక్‌స్పియర్ రాసిన కింగ్ లియర్ నాటకంలో ముసలి రాజుకు నిజం చెప్పేది విదూషకుడే. ఆ విదూషకుణ్ణే రాజు కొరడా దెబ్బలు పడతాయని బెదిరిస్తాడు. 1606 డిసెంబర్ 26న ఆ నాటకాన్ని జేమ్స్ రాజు ముందు వైట్‌హాల్‌లోనే ఆడారు. కొరడా సంగతి ఆ కొలువులో ఎవరికీ వివరించి చెప్పాల్సిన అవసరం ఉండి ఉండదు.

రాజు కాపాడినా చుట్టుపక్కలవాళ్లు ఊరుకోవాలని లేదు. పెద్ద కొడుకు హెన్రీ వెంట నడిచే పరివారం మీవెంట ఉన్నవాళ్లకంటే ఎక్కువగా ఉందే అని ఆర్చీ ఒకసారి జేమ్స్ మనసులో పుల్ల పెట్టాడట. ఆ కోపంతో యువరాజు మనుషులు అతన్ని పట్టుకుని, దుప్పటిలో వేసి గాల్లోకి ఎగరేసి కసి తీర్చుకున్నారని చెబుతారు.

అతని పేరు మోగిపోయింది 1623లో. జేమ్స్ రెండో కొడుకు చార్లెస్ అప్పటికి యువరాజు. స్పెయిన్ రాజు చెల్లెలు మరియాను పెళ్లాడాలని, కొలువులో చక్రం తిప్పుతున్న బకింగ్‌హామ్‌ను తోడు తీసుకుని, పెట్టుడు గడ్డాలతో, దొంగపేర్లతో మాడ్రిడ్‌కు గుర్రాల మీద బయల్దేరాడు. శత్రుదేశపు రాజధానికి వారసుణ్ణి పంపడం ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు, రాజుతో అనే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు ఆర్చీ, మనిద్దరం టోపీలు మార్చుకుందాం రాజా అన్నాడట. ఎందుకని అడిగితే, కొడుకును స్పెయిన్‌కు పంపింది ఎవరని ఎదురడిగాడు. మరి వాడు క్షేమంగా తిరిగొస్తే అని రాజు అంటే, అప్పుడు ఈ విదూషకుడి టోపీ మీ తల మీంచి తీసి స్పెయిన్ రాజుకు పంపిస్తానని జవాబిచ్చాడు. మూర్ఖుల జాబితాలో బీర్బల్ అక్బర్ పేరే మొదట రాసిన కథ గుర్తొస్తోంది కదూ. గుర్రాలు తెస్తానన్న పరాయి వర్తకుడికి పాదుషా ముందే డబ్బు ఇచ్చేశాడు, వాడు తిరిగొస్తే మీ పేరు కొట్టేసి వాడి పేరు రాస్తానంటాడు బీర్బల్. ఈ హాస్యం దేశాలు దాటి తిరిగింది. రాజును తెలివితక్కువవాడని నేరుగా అనకుండా, ఆ మాట రాజే తేల్చుకునేలా వదిలేయడం ఇందులోని నేర్పు.

యువరాజు చేరుకున్నాక వెనక వెళ్లిన పరివారంతో ఆర్చీ కూడా మాడ్రిడ్‌కు వెళ్లాడు. అక్కడి కట్టుబాట్లు ఎంత గట్టివంటే, పెళ్లికొడుకు కావలసిన చార్లెస్‌కే రాకుమారితో ఏకాంతంగా మాట్లాడే వీలు దొరకలేదు. ఆర్చీ మాత్రం తన వేషంలో రాకుమారి, ఆమె చెలికత్తెలు కూర్చున్న చోటికి నేరుగా వెళ్లి, నోటికొచ్చింది వాగేవాడని అప్పట్లో మాడ్రిడ్‌లో ఉన్న జేమ్స్ హవెల్ అనే ఇంగ్లీషువాడు లేఖల్లో రాశాడు. ఒకరోజు ఆ స్త్రీలు, తమ పక్షాన పోరాడిన బవేరియా పాలకుడు చిన్న సైన్యంతో జేమ్స్ అల్లుడి పెద్ద సైన్యాన్ని ఓడించడం ఎంత వింత అని మాట్లాడుకుంటున్నారు. ఆర్చీ అందుకుని అంతకంటే పెద్ద వింత చెప్పాడు. 1588లో నూట నలభై ఓడలు స్పెయిన్ నుంచి ఇంగ్లండ్ మీదికి వచ్చాయని, మిగతావి ఏమయ్యాయో చెప్పడానికి పది కూడా వెనక్కి రాలేదని. స్పెయిన్ రాజభవనం నడిబొడ్డున, రాకుమారి ముఖం మీదే అన్న మాట. రాయబారి ఎవరైనా అని ఉంటే పెళ్లి మాటలు ఆ క్షణమే ఆగిపోయేవి.

ఈ పెళ్లి బేరాన్ని ఆర్చీ ఆపకుండా ఎగతాళి చేస్తుంటే బకింగ్‌హామ్ విసిగిపోయి ఉరి తీయిస్తానన్నాడట. వాగినందుకు విదూషకుణ్ణి ఉరితీసిన సంగతి ఎప్పుడూ వినలేదు గానీ పొగరెక్కి తలలు పోగొట్టుకున్న డ్యూకులు ఇంగ్లండ్‌లో చాలామందే ఉన్నారని ఆర్చీ బదులిచ్చాడు. పెళ్లి కుదరలేదు. అక్టోబర్‌లో యువరాజు ఒంటరిగా తిరిగొస్తే లండన్ వీధుల్లో జనం మంటలు వేసి పండగ చేసుకున్నారు. జనం మనసులో ఉన్నదే విదూషకుడు అన్నాడని దీంతో తేలింది.

1625లో జేమ్స్ పోయి చార్లెస్ గద్దెనెక్కాడు. ఆర్చీ కొలువు నిలిచింది గానీ కొలువు గాలి మారింది. తండ్రి మోటు హాస్యానికి పడిపడి నవ్వేవాడు. కొడుకు మితభాషి, మర్యాదలంటే పట్టింపు ఎక్కువ. ఆయనకు కుడిభుజం విలియం లాడ్, 1633 నుంచి కాంటర్‌బరీ ఆర్చిబిషప్. పొట్టివాడు, కోపిష్ఠి, చర్చి పూజావిధానమంతా తాను గీసిన గీతలోనే నడవాలనేవాడు. ఒక విందులో ప్రార్థన తాను చదువుతానని ఆర్చీ అనుమతి అడిగి, దేవుడికి గొప్ప స్తుతి, సైతానుకు కొంచెం స్తుతి అన్నాడు. ఇంగ్లీషులో లాడ్ అంటే స్తుతి. పొట్టి లాడ్‌ను సైతానుకు అప్పజెప్పినట్టయింది. అప్పటికి నవ్వులతోనే పోయింది.

1637లో ఆ నవ్వులు ఆగిపోయాయి. జూన్ 30న ప్రిన్, బర్టన్, బాస్ట్‌విక్ అనే ముగ్గురికి బిషప్పులను విమర్శిస్తూ రాసినందుకు నడిబజారులో చెవులు కోశారు. ఆ తర్వాతి నెల 23న ఎడిన్‌బరో సెయింట్ జైల్స్ చర్చిలో లాడ్, చార్లెస్ కలిసి రుద్దిన కొత్త ప్రార్థన పుస్తకాన్ని చదవబోతే జనం ముక్కాలిపీటలు విసిరారు. అల్లరి కాస్తా దేశవ్యాప్త ఉద్యమమైంది. 1638 ఫిబ్రవరిలో స్టిర్లింగ్‌లో రాజు ప్రకటన చదివించగానే అక్కడే ఎదురు నిరసన చదివారు. అదే నెల 28న ఎడిన్‌బరోలో జనం ఒడంబడిక పత్రం మీద సంతకాలు మొదలుపెట్టారు.

ఈ వార్తలు లండన్‌కు చేరాక, సభకు వెళుతున్న లాడ్‌ను ఆర్చీ ఆపి, ఇప్పుడు విదూషకుడెవరో చెప్పండి, స్టిర్లింగ్ కబుర్లు విన్నారా అని అడిగాడని ఒక కథనం. వెస్ట్‌మినిస్టర్‌లో ఒక సారా దుకాణంలో తాగి, ఆర్చిబిషప్‌ను సన్యాసి, దగాకోరు, ద్రోహి అని తిట్టాడని ఆనాటి ఒక ఉత్తరం చెబుతుంది. ఈ రెండో మాటే సాక్షులున్న ఉత్తర్వుకు దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. సన్యాసి అన్న తిట్టు మనకు చప్పగా తోస్తుంది. కానీ లాడ్ దొంగచాటుగా దేశాన్ని కాథలిక్ మతంలోకి మళ్లిస్తున్నాడని అనుమానించే ఇంగ్లండ్‌లో అది రాజద్రోహంతో సమానమైన నింద.

ఇదివరకటి మాటలన్నీ దాటిపోయి ఇది ఎందుకు దాటలేదు? మాడ్రిడ్‌లో ఆర్చీ వెక్కిరించింది పరాయివాళ్లను. విందులో వెక్కిరించింది ఒక మనిషి పొట్టితనాన్ని. ఇప్పుడతను వేలు పెట్టింది రాజు వెనక్కి తీసుకోలేని నిర్ణయంలో. పైగా ఆర్చీ స్కాట్లండ్ మనిషి, తిరగబడింది స్కాట్లండ్. ఏ వర్గానికీ చెందనివాడు కాబట్టే విదూషకుడి మాట చెల్లేది. ఇక అతనికీ ఒక వర్గం ఉంది. అన్నది రాజు ఎదుటా కాదు, సారా దుకాణంలో, జనం మధ్య.

అయినా ఆ కోటు చివరి క్షణం వరకూ అతనికి కొంత పనికొచ్చింది. అలాంటి మాటలే రాసినందుకు ఎనిమిది నెలల ముందు ముగ్గురి చెవులు పోయాయి. ఆర్చీకి పోయింది కోటు మాత్రమే. స్టార్ ఛాంబర్ కోర్టుకు కూడా ఈడ్చాలని సభ అనుకుంటే, ఇంతటితో చాలునని లాడే రాజును వేడుకున్నాడు. విదూషకుణ్ణి కోర్టుకెక్కిస్తే నవ్వులపాలయ్యేది తానేనని ఆయనకు తోచి ఉండవచ్చు.

కొన్నాళ్లకు ఆర్చీ నల్లకోటుతో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో కనిపించాడు. పాత కోటేదని ఎవరో అడిగితే, బిషప్పులకే అవసరం పడుతుందని ఆర్చిబిషప్ తీసుకున్నారని చెప్పాడు. అతని స్థానంలో మకిల్ జాన్ అనే మరొకణ్ణి పెట్టారు. ఇంగ్లండ్ రాజుల కొలువులో అధికారికంగా పనిచేసిన చివరి విదూషకుడు అతనే.

లాడ్ తల 1645లో, చార్లెస్ తల 1649లో తెగాయి. ఆర్చీ మాత్రం కొలువులో ఉండగానే వడ్డీలకు తిప్పి కూడబెట్టిన డబ్బుతో సరిహద్దు ఊరు ఆర్థురెట్‌లో భూములు చూసుకుంటూ బతికి, 1672లో పోయాడు. ఈలోపు 1660లో రాచరికం తిరిగొచ్చినా అతని కోటును ఎవరూ మళ్లీ తొడుక్కోలేదు. రెండో చార్లెస్ కొలువులో నాటకాల కంపెనీ నడిపే టామ్ కిల్లిగ్రూ అనే పెద్దమనిషికి రాజు విదూషకుడన్న పేరుతో ఎవరినైనా వెక్కిరించే హక్కుందని శామ్యూల్ పెపీస్ 1668లో డైరీలో రాసుకున్నాడు. కిల్లిగ్రూ రాజుతో కూర్చుని తాగే స్నేహితుడు. అతను రాజును ఎగతాళి చేస్తే అది ఇద్దరు పెద్దమనుషుల మధ్య సరసమే. గొర్రెల దొంగ అన్న పేరున్న ఒక సరిహద్దు పల్లెటూరివాడు రాజభవనంలో నిలబడి రాజును టోపీ మార్చుకోమనే రోజులు మాత్రం ఇంగ్లండ్‌లో మళ్లీ రాలేదు.