తెర మీద బొమ్మ ఎందుకు చిరుగుతుంది?

కంప్యూటర్‌లో కారు రేసు ఆడుతూ ఒక్కసారిగా మలుపు తిప్పితే, రోడ్డు పక్కనున్న కరెంటు స్తంభం నడిమికి విరిగినట్టు కనిపిస్తుంది. పై సగం ఒక చోట, కింది సగం కాస్త పక్కన. రెప్పపాటులో మళ్లీ మామూలే. గేమర్లు దీన్ని టియరింగ్ అంటారు. మానిటర్ పాడైందని చాలామంది కంగారు పడతారు. నిజానికి మానిటర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ తాళం కుదరలేదు, అంతే.

60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లు, అంటే ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి, తెరను పైనుంచి కిందికి కొత్తగా గీస్తుంది. కార్డుకు అలాంటి నిలకడ ఉండదు. ఖాళీ రోడ్డును 10 మిల్లీసెకన్లలో సిద్ధం చేసే కార్డుకే పొగ, పేలుళ్లు నిండిన దృశ్యానికి 20 పట్టవచ్చు. తెర సగం గీసేసరికి కొత్త ఫ్రేము వచ్చి పడితే పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ మిగులుతాయి.

దీనికి పాత మందు వీ-సింక్. మానిటర్ వంతు వచ్చేదాకా కార్డును అది ఆపి ఉంచుతుంది. 20 మిల్లీసెకన్ల ఫ్రేము 16.7 గడువును తప్పిపోతే, 33.3 దాకా ఎదురుచూడాల్సిందే. చిరుగు పోతుంది కానీ ఆట కుదుపులతో నడుస్తుంది, మౌస్ కదిపినా తెర ఆలస్యంగా స్పందిస్తుంది.

అడాప్టివ్ సింక్‌లో ఎదురుచూడటం మానిటర్ వంతు. ఫ్రేము 20 మిల్లీసెకన్లకు వస్తే అప్పుడే గీస్తుంది, ఆ క్షణానికి అది 50 హెర్ట్జ్ మానిటర్. ఎన్‌విడియా 2013లో జి-సింక్ పేరుతో, మానిటర్ లోపల ప్రత్యేక చిప్ పెట్టి దీన్ని చూపించింది. మరుసటి ఏడాది వెసా సంస్థ అడాప్టివ్ సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది. ఏఎండీ ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 జనవరిలో ఎన్‌విడియా కూడా తన జీటీఎక్స్ 10 సిరీస్, ఆ తర్వాతి కార్డులకు ఈ మానిటర్లతో పనిచేసే వీలు కల్పించింది.

అయితే మానిటర్ ఎంతసేపైనా ఆగలేదు. దానికో పరిధి ఉంటుంది. 48 నుంచి 144 హెర్ట్జ్ ఉన్న మానిటర్‌ను చూద్దాం. ఆట సెకనుకు 40 ఫ్రేములకు పడిపోతే ప్రతి ఫ్రేమునూ రెండుసార్లు చూపించి, 80 హెర్ట్జ్‌తో నెట్టుకొస్తారు. అదే 48–75 పరిధి ఉన్న చవక మానిటర్‌లో 80కి చోటే లేదు. అందుకే 48 కిందికి దిగగానే చిరుగులో, కుదుపులో తిరిగొస్తాయి. పై అంకె కింది అంకెకు కనీసం రెట్టింపు ఉండాలన్నది ఇందుకే.

అసలు చిక్కు ఎక్కువగా వచ్చేది కేబుల్ దగ్గర. 1440పీ, 144 హెర్ట్జ్ ఫ్రీసింక్ మానిటర్, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు కొన్నారనుకుందాం. మానిటర్‌కు ఒక హెచ్‌డీఎంఐ 2.0, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉన్నాయి. చేతికందిన హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలిస్తే బొమ్మ చక్కగా వస్తుంది, 144 హెర్ట్జ్ కూడా రావచ్చు. కానీ సెట్టింగుల్లో జి-సింక్ ఊసే ఉండదు. పాత హెచ్‌డీఎంఐ మీద నడిచే ఫ్రీసింక్ ఏఎండీ సొంత ఏర్పాటు. హెచ్‌డీఎంఐలో ఎన్‌విడియా కార్డుకు కావలసింది 2.1 ప్రమాణంతో వచ్చిన వీఆర్‌ఆర్, అది ఈ మానిటర్‌లో లేదు.

మందు సులువే. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌ను ఏ కన్వర్టరూ లేకుండా నేరుగా కార్డుకు తగిలించాలి, మదర్‌బోర్డు మీది పోర్టుకు కాదు. మానిటర్ మెనూలో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్ సింక్ ఆన్ చేయాలి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకోవాలి, ఎందుకంటే కొత్త మానిటర్ తరచూ 60 దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత NVIDIA Control Panel లో Set up G-SYNC పేజీకి వెళ్లి టిక్ పెట్టాలి. ఫ్రేములు 144 దాటితే మళ్లీ తాళం తప్పుతుంది కనుక, అదే ప్యానెల్‌లోని Max Frame Rate ను 141 దగ్గర కట్టేయడం మంచిది.

పనిచేస్తోందో లేదో మానిటరే చెబుతుంది. దాని మెనూలో రిఫ్రెష్ రేటు చూపే సౌకర్యం ఉంటే ఆట నడుస్తుండగా తెరిచి చూడాలి. అంకె 87, 92, 79 అంటూ మారుతుంటే సింక్ పనిచేస్తున్నట్టే. 144 దగ్గర బిగుసుకుపోతే మళ్లీ మొదటినుంచి వెతకాలి. కొన్ని మానిటర్లలో, ముఖ్యంగా వీఏ ప్యానెళ్లలో, ఫ్రేము రేటు బాగా ఊగినప్పుడు చీకటి దృశ్యాలు మిణుకుమంటాయి. గ్రాఫిక్స్ నాణ్యత కాస్త తగ్గించి ఫ్రేము రేటు నిలకడగా ఉంచితే మిణుకు తగ్గుతుంది.

మానిటర్ కొనేముందు పెట్టె మీది ఫ్రీసింక్ ముద్ర ఒక్కటే చూసి ఊరుకోకండి. దాని పరిధి ఎంత, ఆ పరిధి ఏ పోర్టులో పనిచేస్తుంది, మీ కార్డుకు ఆ పోర్టు ఉందా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు తెలుసుకున్నాకే డబ్బు చెల్లించండి.