కొత్త స్లాబ్ మీద నీళ్లు ఎప్పుడు నిలవాలి?

హైదరాబాద్ శివారులో ఇల్లు కట్టేచోట పునాది తీసిన నాటినుంచే ఒక కుటుంబం రేకుల గదిలో కాపురం పెడుతుంది. రాత్రి కాపలా కాయడం, పగలు గోడలకూ స్లాబులకూ నీళ్లు కొట్టడం ఆ కుటుంబం పని. అలా పాలమూరు నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్, మే నెలలో ఒకనాటి రాత్రి తొమ్మిదిన్నరకు టార్చి పట్టుకుని మెట్లెక్కాడు. పొద్దున మొదలైన స్లాబ్ పని సాయంత్రం ఆరింటికి ముగిసింది. చివరగా కాంక్రీటు పోసిన పడమటి మూలలో నీళ్లు మెరుస్తున్నాయి.

కొత్త స్లాబ్ మీద నీరు కనిపించడం వింతేమీ కాదు. వైబ్రేటర్ పెట్టి, చెక్కతో చదును చేశాక కంకర, ఇసుక, సిమెంటు బరువుకు కొద్దిగా కిందికి దిగుతాయి. వాటి మధ్య ఉన్న నీరు పైకి తేలుతుంది. ఇంజనీర్లు దీన్ని బ్లీడింగ్ అంటారు. అయితే ఆ నీరు స్లాబంతా పలచని తడిలా పరుచుకుంటుంది. కాంక్రీటు బిగుసుకోవడం మొదలయ్యాక ఇక పెరగదు. ఇక్కడ మిగతా స్లాబ్ అంతా మాసిన రంగులో ఉంది, ఒక్క మూలలోనే వేలి లోతున నీళ్లున్నాయి. పైగా అవి పాలలా తెల్లబారి ఉన్నాయి. అంటే సిమెంటు కొట్టుకొస్తోందన్నమాట.

అతను నీటి దారి వెంట చూశాడు. పనివాళ్లు సామాన్లు కడుక్కుని పైపును స్లాబ్ అంచునే వదిలేశారు. కరెంటు పోయి మళ్లీ వచ్చింది, ఆటోమేటిక్ స్టార్టర్ బోరు మోటారును దానంతట అదే నడిపించింది. ముందు కిందికి దిగి మోటారు ఆపాడు. తర్వాత మేస్త్రీకి ఫోన్ చేశాడు: “అన్నా, పడమటి మూలకు నీళ్లు నిలిచినయ్. మోటర్ బంద్ చేసిన. స్లాబ్ మీద కాలు పెట్టలే.”

ఆ చివరి మాటలోనే సగం పని ఉంది. బాగా దట్టించిన కాంక్రీటులో సందులన్నీ అప్పటికే నీటితో నిండి ఉంటాయి కాబట్టి, పైన కదలకుండా నిలిచిన నీరు లోపలికి పెద్దగా దిగదు. ముప్పు పారే నీటితో, కలియబెట్టడంతో వస్తుంది. పారే నీరు పైపొరలోని సిమెంటును కడిగేస్తుంది. దాని మీద నడిచినా, తాపీతో రుద్దినా పైనున్న నీరు పైపొరలో కలుస్తుంది. ఆ పొరలో సిమెంటు పాలు తగ్గి నీటి పాలు పెరుగుతుంది. ఆరాక అది పొడి రాలుతుంది.

మేస్త్రీ అరగంటలో వచ్చాడు. “కాకా, ఒక బస్తా సిమెంటు చల్లి రుద్దేస్తే పీల్చుకుంటది” అన్నాడు. చాలాచోట్ల జరిగేది ఇదే. చల్లిన పొడి సిమెంటు నీటిని పీల్చి పైన చిక్కటి పొర కడుతుంది. కింది కాంక్రీటు కంటే అది ఎక్కువగా కుంచించుకుపోయి సన్నని పగుళ్లు తీస్తుంది, కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడుతుంది. ఇంజనీరు ఫోన్‌లోనే వద్దన్నాడు. పక్క చెక్కను ఆ మూల దగ్గర కొద్దిగా సడలించి నీటిని బయటికి వదలమన్నాడు, మిగిలిన తడిని అంచున నిలబడి గోనెసంచితో అద్ది తీయమన్నాడు. ఇద్దరూ స్లాబ్ మీదికి ఎక్కకుండానే అలా చేశారు.

కాంక్రీటు బిగిసిందో లేదో తెలిసేదెలా? ప్రయోగశాలలో ఫ్రెంచ్ ఇంజనీర్ లూయీ వికా పేరుతో ఉన్న పరికరం వాడతారు. సిమెంటు ముద్దలోకి సన్నని సూది ఎంతవరకు దిగుతుందో అది చూపుతుంది. భారత ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తిగా బిగుసుకోవాలి. ఇవి సిమెంటు ముద్దకు పెట్టిన హద్దులు. స్లాబ్‌లో కలిపిన నీరు, ఎండ, కలిపిన మందులను బట్టి సమయం మారుతుంది. కట్టేచోట మేస్త్రీ బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తాడు. పొద్దున పోసిన తూర్పు వైపు వేలిగుర్తు పడలేదు, పడమటి మూలలో పడింది. ఒకే స్లాబ్‌లో రెండు వైపులకూ పది గంటల వయసు తేడా ఉంది.

నీళ్లు తీసేశాక రెండో చిక్కు మొదలైంది. మే నెల రాత్రి వేడిగాలి వీస్తుంటే పైపొర తొందరగా ఆరిపోతుంది. గంటకు చదరపు మీటరుకు ఒక కిలో, అంటే ఒక మిల్లీమీటరు మందం నీరు ఆవిరయ్యేంత వేగం ఉంటే పచ్చి కాంక్రీటు పగులుతుందని ఇంజనీర్లు జాగ్రత్త పడతారు. వంద చదరపు మీటర్ల స్లాబ్‌కు అది గంటకు వంద లీటర్లు. అందుకే గట్టిపడిన భాగం మీద తడి గోనెలు పరిచారు. పచ్చి మూల మీద అంచులకు బరువు పెట్టి, గాలి దూరకుండా ప్లాస్టిక్ పట్టా కప్పారు.

మర్నాడు ఉదయం వేలిగుర్తు ఎక్కడా పడలేదు. అప్పుడు అదే స్లాబ్ మీద పలచటి గచ్చుతో గట్లు వేసి మడులు కట్టారు, రెండంగుళాల లోతున నీళ్లు నింపారు. రాత్రి తోడేసిన నీటిని పొద్దున మళ్లీ పోయడం ఎందుకు? ఒక 50 కిలోల సిమెంటు బస్తా గట్టిపడేటప్పుడు రసాయనికంగా దాదాపు 11.5 లీటర్ల నీటిని కలుపుకుంటుంది. అలా పుట్టే జిగురు పదార్థం తన సందుల్లో మరో 9.5 లీటర్లను పట్టి ఉంచుతుంది. మొత్తం 21 లీటర్లు. మిశ్రమంలో సాధారణంగా అంతకంటే కొంచెం ఎక్కువే పోస్తారు కాబట్టి లోపల కొరత ఉండదు. కానీ ఎండకు అది ఆవిరైపోయి సందుల్లో తేమ 80 శాతం కంటే తగ్గితే సిమెంటు గట్టిపడే చర్య దాదాపు ఆగిపోతుంది. మడిలోని నీరు ముఖ్యంగా లోపలి నీటిని బయటికి పోనివ్వకుండా కాపాడుతుంది.

ఎన్నాళ్లు? ఐఎస్ 456 ప్రమాణం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు చెబుతుంది, పొడి ఎండాకాలంలో 10 రోజులు. బూడిద కలిపిన పీపీసీ సిమెంటు నెమ్మదిగా బలపడుతుంది కనుక కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు నీళ్లు ఉంచమంటుంది. ఈ స్లాబ్‌కు వాడింది పీపీసీ. వాచ్‌మన్ రోజూ పొద్దునా సాయంత్రం మడుల నీటిమట్టం చూసేవాడు. ఒక్క మడి మాత్రమే పక్కవాటికంటే త్వరగా ఖాళీ అయితే ముందు గట్టు పగిలిందేమో వెతకాలి. గట్టు బాగుంటే కింద సెంట్రింగ్ అతుకుల దగ్గర చుక్కలు పడుతున్నాయేమో చూడాలి. పడుతుంటే అక్కడ కాంక్రీటు సరిగా దట్టించలేదని అనుమానించాలి.

పద్నాలుగో రోజు మడులు తీశాక ఇంజనీరు పడమటి మూలను మేకుతో గీసి చూశాడు. మిగతా చోట్ల సన్నని తెల్లటి గీత పడింది. ఆ మూలలో మాత్రం మేకు వెంట బూడిదలా పొడి లేచింది. వైరు బ్రష్‌తో గట్టిగా రుద్దితే పలచటి పొర ఊడి, దాని కింద గట్టి కాంక్రీటు తేలింది. కంకర కదలలేదు. కంకర కదిలి ఉంటే, లేదా మేకు లోతుగా దిగి ఉంటే రీబౌండ్ హ్యామర్ పరీక్ష చేయాల్సి వచ్చేది. దానితోనూ అనుమానం తీరకపోతే కాంక్రీటు ముక్కను గుండ్రంగా కోసి తీసి బలం పరీక్షిస్తారు. ఇక్కడ ఆ అవసరం పడలేదు. పొడిపొర మొత్తం గీకి, కడిగి, పైన వేసే గచ్చు పట్టుకునేలా ఆ మూలను గరుకుగా వదిలేశారు.