ఆగింది సరే, ఎక్కడ ఆగింది?

హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్లినా పొద్దున జరిగే స్టాండప్ మీటింగులో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "అది బ్లాక్ అయిందండీ." లీడ్ తలూపుతాడు. వంతు పక్కవాళ్లకి వెళ్లిపోతుంది. మర్నాడూ అదే మాట, అదే తలూపడం. వారం గడిచాక మేనేజరు వచ్చి ఎందుకింత ఆలస్యమైందని అడిగితే, ఆ వారంలో ఏం జరిగిందో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు గదిలో ఒక్కరూ ఉండరు.

ఈ ఆఫీసుల్లో ప్రతి పనికీ కంప్యూటర్‌లో ఒక చీటీ ఉంటుంది. దాన్ని టికెట్ అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ కంపెనీ 2002లో తెచ్చిన జిరా ఇందుకు బాగా వాడే సాఫ్ట్‌వేర్. పని మొదలుపెట్టాల్సి ఉందా, జరుగుతోందా, అయిపోయిందా అన్నది టికెట్ స్టేటస్ చెబుతుంది. పని ముందుకు కదలకపోతే చాలా టీముల్లో దాన్ని 'బ్లాక్డ్' అనే స్టేటస్‌లోకి నెడతారు. పని ఆగిందన్న సంగతి దాంతో తెలుస్తుంది కానీ, దాన్ని కదిలించాలంటే ఏం చేయాలో తెలియదు. అందుకే కొన్ని టీములు ఆ ఒక్క స్టేటస్‌నీ మూడుగా విడగొట్టాయి. ఒకటి మన మనిషి కోసం ఆగడం, రెండోది వెండర్ కోసం, అంటే బయటి కంపెనీ కోసం ఆగడం, మూడోది నిర్ణయం కోసం ఆగడం. ఒక్కోదానికీ విడిగా గడియారం పెట్టి, ఎన్నాళ్లు ఆగిందో లెక్క కడతాయి.

ఇదెలా పనిచేస్తుందో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రైవేటు కాలేజీ ఫీజుల్ని ఆన్‌లైన్‌లో కట్టించుకునే పద్ధతి పెట్టమని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీని అడిగింది. పేమెంట్ గేట్‌వేని కాలేజీ వెబ్‌సైటుకు కలపాలి, కట్టిన ఫీజు వెనక్కి ఇచ్చే ఏర్పాటూ ఉండాలి. ఈ పని మొదలైన దగ్గర్నుంచి పూర్తయ్యేసరికి 24 పనిదినాలు పట్టింది. టికెట్ అందులో 16 రోజులు 'బ్లాక్డ్'లో ఉంది. కారణం ఏమిటని అడిగితే టీమంతా ఒకటే చెప్పింది, "గేట్‌వే వాళ్లు కీలు ఇవ్వలేదండీ." డబ్బు నిజంగా చేతులు మారాలంటే గేట్‌వే కంపెనీ ఇచ్చే లైవ్ కీలు కావాలి. అంతవరకు టెస్టు కీలతో ఉత్తుత్తి లావాదేవీలే నడుస్తాయి.

అదే టికెట్‌ని మూడు గడియారాలతో చూస్తే కథ మారిపోతుంది. మొదటి మూడు రోజులు టెస్టు కీలతో పని సాఫీగా సాగింది. నాలుగో రోజు లైవ్ కీలు కావాల్సి వచ్చాయి. డబ్బు తీసుకోబోయే సంస్థ వివరాలు సరిచూసుకోకుండా గేట్‌వే కంపెనీ వాటిని ఇవ్వదు, రిజర్వ్ బ్యాంకు నిబంధనలు అలా ఉన్నాయి. దానికి కాలేజీ నడిపే ట్రస్టు పాన్ కార్డు నకలు, బ్యాంకు ఖాతా కాగితాలు పంపాలి. అవి ఉన్నది సాఫ్ట్‌వేర్ కంపెనీ అకౌంట్స్‌లోని ఒకాయన దగ్గర, ఒప్పందం రాసుకున్నప్పుడు తీసుకున్నవి. ఆయన సెలవులో ఉన్నారు. రెండు రోజులు అలా పోయాయి. ఈ రెండు రోజుల్లో గేట్‌వే కంపెనీకి అసలు ఈ దరఖాస్తు అందనే లేదు. ఆరో రోజున కాగితాలు వెళ్లాయి, పదో రోజు సాయంత్రానికి కీలు వచ్చాయి. అంటే వెండర్ తీసుకున్నది ఐదు రోజులు. తర్వాత రెండు రోజులు మళ్లీ పని జరిగింది.

పదమూడో రోజున అసలు చిక్కు వచ్చింది. విద్యార్థి మధ్యలో సీటు వదులుకుంటే ఫీజు మొత్తం వెనక్కి ఇవ్వాలా, కొంత కోసుకుని ఇవ్వాలా? కోసుకునేట్టయితే ఎంత? కోడ్ రాసే అమ్మాయి ఈ ప్రశ్నని స్టాండప్‌లో లేవనెత్తింది. "కాలేజీ వాళ్లని అడగాలి" అన్నారు అందరూ. అడుగుతానని మాత్రం ఎవరూ అనలేదు. మూడు రోజులు అలాగే గడిచాయి. పదహారో రోజున ప్రిన్సిపాల్‌కి మెయిల్ వెళ్లింది. ఆయన ట్రస్టు పెద్దలతో మాట్లాడి ఇరవయ్యో రోజు సాయంత్రం జవాబు పంపారు. అది ప్రాజెక్టు మేనేజరు ఇన్‌బాక్స్‌లో పడి ఉంది, అమ్మాయికి తెలిసింది ఇరవై రెండో రోజు పొద్దున. ఆ తర్వాత మూడు రోజుల్లో పని ముగిసింది.

16 రోజుల నిరీక్షణలో మనిషి కోసం 2, వెండర్ కోసం 5, నిర్ణయం కోసం 9 రోజులు. అందరి నోటా నలిగిన గేట్‌వే కంపెనీ వాటా మూడో వంతు కూడా లేదు. నిర్ణయానికి పోయిన 9 రోజుల్లోనూ కాలేజీ వాళ్ల చేతిలో ఉన్నవి 5. ప్రశ్న పంపకముందు మూడు రోజులు, జవాబు వచ్చాక ఒక రోజు టీము చేతిలోనే కరిగిపోయాయి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఈ చివరి లెక్కే. నిరీక్షణని ఒకే ముద్దగా కొలిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు.

ఇది కనిపించాలంటే గడియారంలో నాలుగు క్షణాలు విడివిడిగా నమోదు కావాలి. పని ఆగింది ఎప్పుడు, అడిగింది ఎప్పుడు, జవాబు వచ్చింది ఎప్పుడు, పని మళ్లీ మొదలైంది ఎప్పుడు. అడిగినప్పటి నుంచి జవాబు వచ్చేదాకా పట్టిన కాలమే అవతలివాళ్లది. దానికి ముందూ వెనకా ఉన్నదంతా మనది. స్టేటస్ మారిన తేదీలను జిరా దానంతటదే దాచుకుంటుంది కాబట్టి మొదటిదీ చివరిదీ ఉచితంగా వస్తాయి. మధ్యలో రెండింటికీ టికెట్‌లో రెండు తేదీ గడులు పెట్టుకోవాలి.

ఇక ఏది ఏ గంపలో వేయాలన్నది తేల్చుకోవడం అనుకున్నంత తేలిక కాదు. ప్రిన్సిపాల్ కూడా మనిషే కదా, ఆయన కోసం ఆగడాన్ని మనిషి కోసం ఆగినట్టు ఎందుకు రాయకూడదు? ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ మనిషి ఇప్పుడే వచ్చి మన పక్కన కూర్చుంటే పని అరగంటలో కదులుతుందా? అకౌంట్స్ ఆయన వస్తే కదులుతుంది, బీరువా తాళం తీసి కాగితం ఇస్తే చాలు. అది మనిషి కోసం ఆగడం. ప్రిన్సిపాల్ వచ్చినా "ట్రస్టు వాళ్లతో ఒక మాట అనుకోవాలి" అంటారు. అది నిర్ణయం కోసం ఆగడం. వెండర్ సంగతి వేరు, అతని పనివేళలు, గడువులు మన చేతిలో ఉండవు, ఒప్పందంలో రాసుకున్నదే దిక్కు. తప్పెవరిది అని కాకుండా, ఏం జరిగితే పని కదులుతుంది అని అడిగి గంప ఎంచుకోవాలి. తప్పు వెతికే చోట టికెట్లన్నీ వెండర్ గంపలోకే చేరతాయి, ఎందుకంటే నొచ్చుకోవడానికి వెండర్ ఆ గదిలో ఉండడు.

గంప మారితే మందూ మారుతుంది. మనిషి కోసం పదే పదే ఆగుతున్నారంటే ఆ పని ఒక్కరికే తెలుసన్నమాట, లేదా ఒక్కరికే అనుమతి ఉందన్నమాట. రెండో మనిషిని తయారు చేయాలి. వెండర్ దగ్గర ఎప్పుడూ ఐదు రోజులు పడుతుంటే, ఆ ఐదు రోజులు ముందే దరఖాస్తు పెట్టాలి. కోడ్ మొదలుపెట్టిన రోజే కాగితాలు పంపి ఉంటే కీల కోసం ఇంతగా కాచుకోవాల్సి వచ్చేది కాదు. నిర్ణయానికి మందు వేరే రకం. "ఏం చేయమంటారు?" అని మెయిల్ పెడితే అది మెయిల్ కుప్పలో పడి ఉంటుంది. "గురువారం దాకా మీ మాట రాకపోతే పది శాతం కోసుకునేలా రాస్తున్నాం, తర్వాత మార్చాలంటే రెండు రోజుల పని" అని రాస్తే జవాబు వచ్చే తీరు వేరుగా ఉంటుంది. ఏది ఎంచుకుంటే ఏమవుతుందో, ఎప్పటిలోగా కావాలో, చెప్పకపోతే ఏం జరుగుతుందో, మూడూ అందులో ఉన్నాయి. అయితే ఇది వెనక్కి తీసుకోగల నిర్ణయాలకే పనికొస్తుంది. విద్యార్థుల డబ్బు నిజంగా కదిలే వేళకు స్పష్టమైన అనుమతి చేతిలో ఉండాల్సిందే.

లెక్కలు మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది, పూర్తయిన టికెట్ల సగటునే చూడటం. రెండు నెలలుగా నిర్ణయం కోసం పడి ఉన్న టికెట్ ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఆ సగటులోకి రాదు. అంటే అన్నిటికంటే చెడ్డ నిరీక్షణే లెక్కలో కనపడదు. అందుకని ఇప్పటికింకా ఆగి ఉన్నవాటి వయసు వేరుగా చూడాలి. 'నిర్ణయం' స్టేటస్‌కి Waiting - Decision అని పేరు పెట్టుకుని ఉంటే, ఐదు రోజులుగా కదలనివాటిని జిరాలో ఇలా వెతకొచ్చు.

```
status = "Waiting - Decision" AND NOT status CHANGED AFTER -5d
```

ఇందులో ఐదు రోజులంటే ఆదివారాలూ పండగలూ కలిపి. సంక్రాంతి వారంలో ఈ జాబితా ఊరికే పొడవవుతుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. అలాగే సగటు కంటే మధ్యస్థం నమ్మదగ్గది. పది టికెట్లలో తొమ్మిది రెండేసి రోజుల్లో కదిలి, ఒకటి నలభై రోజులు పడితే సగటు దాదాపు ఆరు రోజులని చూపిస్తుంది. ఆరు రోజులు పట్టిన టికెట్ వాటిలో ఒక్కటీ లేదు.

ఇంకొకటి, గడియారం ఆపుకోవడానికి స్టేటస్‌ని వాడుకోవడం. కస్టమర్ ఫిర్యాదులు చూసే టీముల్లో ఇది మామూలు. జవాబు కోసం కస్టమర్ దగ్గర ఆగినంతసేపూ ఒప్పందంలోని గడువు లెక్కలోకి రాకుండా ఏర్పాటు చేసుకుంటారు. దాంతో గడువు దగ్గర పడగానే అక్కర్లేని ఒక ప్రశ్న పంపి టికెట్‌ని అటు నెట్టేస్తారు. ఒకే టికెట్ నాలుగైదు సార్లు అటూ ఇటూ తిరిగితే, ప్రతిసారీ అడిగిన ప్రశ్న చదివి చూడండి, సంగతి తెలిసిపోతుంది.

ఒక్కోసారి ఒకే పని రెండిటి కోసం ఆగుతుంది, కీలూ రాలేదు, రీఫండ్ సంగతీ తేలలేదు. రెండు గడియారాలూ నడిపి తర్వాత కూడితే పది రోజుల ఆలస్యం ఇరవైగా కనపడుతుంది. స్టేటస్ ఒక్కటే ఉంచి, రెండోదాన్ని లేబుల్‌గా తగిలించడం మంచిది. ఏది ముందు తీరితే దాన్ని తీసేసి, మిగిలినదాన్ని స్టేటస్‌గా పెట్టాలి. నాలుగో గంపగా 'ఇతరాలు' మాత్రం పెట్టొద్దు. పెట్టిన నెలకే సగం టికెట్లు అందులోకి చేరతాయి.

నలుగురే ఉన్న టీముకి మూడు స్టేటస్‌లూ తేదీ గడులూ బరువే. గోడ మీద కార్డులు అంటించి పనిచేసే చోట పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. ఆగిన కార్డు మీద గులాబీ రంగు చీటీ అంటించి, ఆగిన ప్రతి రోజుకీ దాని మీద ఒక గీత గీస్తారు. పని కదిలాక చీటీని పారేయకుండా డబ్బాలో వేస్తారు. నెలాఖరున డబ్బా బోర్లించి చీటీలను మూడు కుప్పలుగా పేర్చి, ఏ కుప్పలో ఎన్ని గీతలున్నాయో లెక్కపెడితే చాలు. చీటీ మీద మనుషుల పేర్లు రాయొద్దు. "పాన్ నకలు" అని రాసుంటే మర్నాడే ఆ నకలు అందరికీ అందే చోటికి చేరుతుంది. అకౌంట్స్ ఆయన పేరు రాసుంటే ఆయన వచ్చే నెల నుంచి చీటీలు అంటించనివ్వడు.