కాలిలో మేకు దిగినా, ముల్లు విరిగినా: కడగడం ఎలా, టీటీ ఎవరికి?

జీవామృతం, ఘనజీవామృతం గురించి చాలా వీడియోలు చేశాం. ఈసారి అదే నేలలో చెప్పుల్లేకుండా నడిచే మన కాళ్ల గురించి చెప్తాను. కడిగే పద్ధతి వీడియోలో చూపించాను, వివరం ఇక్కడ రాస్తున్నా.

ధనుర్వాతం తుప్పు వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. అది తుప్పు వల్ల వచ్చేది కాదు. ఆ సూక్ష్మజీవి మట్టిలో, పశువుల పేడలో గింజలాంటి రూపంలో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటుంది. పేడ బాగా మాగినా అది చస్తుందని నమ్మకం లేదు. మేకు కొత్తదైనా, తుమ్మ ముల్లైనా, దానికి అంటిన మట్టే ఆ గింజను లోపలికి తీసుకెళ్తుంది. ఈ సూక్ష్మజీవి గాలి తగలని చోటే పెరుగుతుంది. కొడవలి తెగితే రక్తం కారి గాయం కొంత కడుక్కుపోతుంది, గాలి తగులుతుంది. మేకు గుచ్చుకుంటే చుక్క రక్తం కూడా రాకుండా పైన తోలు మూసుకుపోతుంది. అందుకే చిన్న కన్నమే కదా అని వదిలేయకూడదు.

మా దగ్గర పనికొచ్చే ఒక అన్న, యాభై ఏళ్లుంటాయి, పాత పశువుల కొట్టం చెక్కలు విప్పుతుంటే హవాయి చెప్పులోంచి మేకు అరికాల్లోకి దిగింది. అర అంగుళం దిగి ఉంటుంది. చెక్క లాగేయగానే మేకు కూడా ఊడొచ్చింది. అప్పుడు చేసినవి ఇవి.

ముందు మా చేతులు సబ్బుతో కడుక్కున్నాం. తర్వాత తాగే నీళ్ల కుళాయి కింద ఆయన పాదం పెట్టి, సబ్బు నురగతో గాయం చుట్టూ రుద్దుతూ పది నిమిషాలు కడిగాం. కన్నం లోపల పుల్లతో, సూదితో కెలకలేదు. అలా చేస్తే మురికి ఇంకా లోపలికి పోతుంది. మేకు మొన విరగలేదని చూశాం. చెప్పు కూడా చూశాం, ఎందుకంటే కన్నం దగ్గర రబ్బరు ముక్క లేకపోతే అది కాల్లో ఉండిపోయి ఉండొచ్చు. తర్వాత పైన పోవిడోన్ అయోడిన్ రాసి, శుభ్రమైన గుడ్డ వదులుగా కట్టాం.

పసుపు, సున్నం, పేడ, కిరసనాయిలు ఏదీ పెట్టకండి. వాత కూడా వద్దు. జీవామృతం నేలకు మంచిదే, గాయానికి కాదు.

ముల్లయితే, పైకి కనిపించే చిన్న ముక్కను శుభ్రమైన పట్టకారుతో, దిగిన దారిలోనే వెనక్కి లాగాలి. లోతుగా విరిగినా, ఈత ముల్లు కీలు దగ్గర దిగినా ఆసుపత్రిలోనే తీయించుకోవాలి. పెద్ద మేకు లోతుగా ఇరుక్కుపోతే లాగకుండా, కదలకుండా పట్టుకుని వెళ్లండి.

ఆ తర్వాత అన్నను పీహెచ్‌సీకి తీసుకెళ్లాం. డాక్టర్ గారు మొదట అడిగింది "ఆఖరి టీటీ ఎప్పుడు వేయించుకున్నావ్?" అని. ఎన్ని సూదులు పడ్డాయన్నదే ఇక్కడ లెక్క. ఇలాంటి మట్టి గాయానికి, వెనుక మూడు డోసులు పూర్తయి, ఆఖరిది ఐదేళ్ల లోపుదైతే మళ్లీ అక్కర్లేదు. ఐదేళ్లు దాటితే ఒక బూస్టర్ చాలు. మూడు డోసులు పూర్తికాకపోయినా, గుర్తులేకపోయినా టీకాతో పాటు టెటనస్ ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో ఇంజెక్షన్ కావాలి. టీకా వల్ల ఒంట్లో రక్షణ తయారవడానికి రోజులు పడుతుంది. ఇది తయారైన రక్షణనే నేరుగా ఇస్తుంది. అన్నకు చిన్నప్పటి టీకాలు పడ్డాయో లేదో తెలియదు. అందుకని పీహెచ్‌సీలో టీకా వేసి, రెండోదానికి ఏరియా ఆసుపత్రికి పంపారు. తర్వాత నాలుగు వారాలకు రెండో డోసు, దాని తర్వాత ఆరు నెలలకు మూడోది వేయించాం. ఈ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. ఇప్పుడు సర్కారు ఆసుపత్రుల్లో టీటీ బదులు టీడీ ఇస్తున్నారు. ధనుర్వాతంతో పాటు కంఠసర్పికీ అది పనిచేస్తుంది.

అదే రోజు వెళ్లడం మంచిది. ఒకవేళ ఆలస్యమైతే ఇంకేం లాభం అని ఊరుకోకండి, వెళ్లాల్సిందే. జబ్బు సాధారణంగా మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు బయటపడుతుంది. దవడ బిగుసుకుని నోరు తెరవలేకపోవడం, మెడ పట్టేయడం, మింగలేకపోవడం కనిపిస్తే అప్పుడు పీహెచ్‌సీ కాదు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. అప్పటికి గాయం మానిపోయి ఉన్నా సరే.

చీము సంగతి వేరు. టీటీ చీమును ఆపదు. రెండు మూడు రోజులకు నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా, వాపు, వేడి, జ్వరం వచ్చినా, అడుగు వేసినప్పుడల్లా లోపల గుచ్చుతున్నా మళ్లీ చూపించుకోవాలి. ముక్క లోపల మిగిలిందేమో చూస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు అరికాల్లో నొప్పి సరిగా తెలియదు కాబట్టి, వాళ్లు నొప్పి కోసం ఎదురుచూడకుండా మొదటి రోజే వెళ్లాలి.

మా ఇంట్లో పశువుల టీకాల కార్డు పక్కనే మనుషులది కూడా పెట్టాం. పనికొచ్చే వాళ్ల పేర్లు, ఆఖరి డోసు తేదీ అందులో రాసుకున్నాం. దెబ్బ తగిలిన రోజు డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది.