నొప్పి ప్రేక్షకుడిది, మందు ఎడిటర్‌ది

బిల్లీ వైల్డర్ తీసిన ‘సన్‌సెట్ బులవార్డ్’ 1950లో విడుదలైంది. అంతకుముందు దాన్ని అమెరికాలోని ఇవాన్‌స్టన్ అనే ఊళ్లో జనానికి చూపించారు. అప్పట్లో సినిమా శవాగారంలో మొదలయ్యేది. హీరో శవాన్ని తెచ్చి పడుకోబెడతారు, కాలి వేలికి చీటీ కడతారు, ఆ తర్వాత అక్కడి శవాలన్నీ తాము ఎలా చచ్చిపోయామో ఒకదానికొకటి చెప్పుకుంటాయి. వైల్డర్ దాన్ని గంభీరమైన సన్నివేశం అనుకున్నాడు. హాలు మాత్రం పగలబడి నవ్వింది. అలా నవ్వుతూ మొదలైన జనం తర్వాత కథ ఎటు తిరిగినా సీరియస్‌గా తీసుకోలేకపోయారు.

వైల్డర్ శవాగారాన్ని తీసేశాడు. చచ్చిపోయినవాడే తన కథ చెప్పడమన్న ఆలోచనను మాత్రం ముట్టుకోలేదు. ఈత కొలనులో తేలుతున్న శవం, దాని మీద ఆ శవం గొంతు: ఇప్పుడు మనం చూసే ప్రారంభం అదే. జనం నవ్విన చోటు నిజం. ఆ నవ్వుకు కారణం ఏమిటో, ఏది తీసి ఏది ఉంచాలో తేల్చుకోవలసింది మాత్రం దర్శకుడూ ఎడిటరూ. టెస్ట్ స్క్రీనింగ్ అనే పనంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

ఏది చూపించాలి, ఎవరికి చూపించాలి

తీసిన షాట్లన్నిటినీ కథ వరుసలో పేర్చి, మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడగలిగేలా చేసినదే రఫ్ కట్. రీరికార్డింగ్ అయి ఉండదు, ఎక్కడినుంచో తెచ్చిన సంగీతం తాత్కాలికంగా వేసి ఉంటుంది. రంగులు దిద్దరు, గ్రాఫిక్స్ రావాల్సిన చోట ఖాళీ ఉంటుంది. ఈ దశలో చూపిస్తేనే లాభం, ఎందుకంటే సీన్లను ఇంకా కదపొచ్చు. సంగీతం కట్టి, మిక్సింగ్ అయ్యాక ఒక నిమిషం తీయాలన్నా ఆ పనులన్నీ మళ్లీ ముట్టుకోవాలి.

రంగులు సరిగా లేకపోతే జనం సర్దుకుపోతారు, మాట వినబడకపోతే సర్దుకోరు. అందుకని చూపించే ముందు ఒక రోజు కూర్చుని డైలాగులన్నీ ఒకే స్థాయిలో వినబడేలా చేసుకోవాలి. లేని షాట్ల చోట ‘ఇక్కడ వాన మొదలవుతుంది’ అని తెర మీద ఒక ముక్క రాస్తే చాలు.

ఇక ప్రేక్షకులు. యూనిట్‌లో పనిచేసినవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, స్క్రిప్టు చదివినవాళ్లు దీనికి పనికిరారు. వాళ్లకు కథ ముందే తెలుసు కాబట్టి, తెర మీద లేనిది కూడా వాళ్లు మనసులో నింపేసుకుంటారు. కథ తెలియనివాళ్లు, ఇలాంటి సినిమాకు మామూలుగా టికెట్ కొనేవాళ్లు ఇరవై మంది దొరికితే చిన్న సినిమాకు సరిపోతుంది. అందరినీ ఒక్కసారే పిలిచెయ్యకూడదు. మార్పులు చేశాక చూపించడానికి కొత్తవాళ్లు కావాలి, ఒకసారి చూసినవాడు రెండోసారి కొత్తగా చూడలేడు.

ఎవరిని పిలుస్తున్నామన్నది ఎంత ముఖ్యమో ఆర్సన్ వెల్స్ ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’కి జరిగింది చూస్తే తెలుస్తుంది. 1942 మార్చి 17న కాలిఫోర్నియాలోని పొమోనాలో, ఒక సరదా మ్యూజికల్ సినిమా చూడ్డానికి వచ్చిన జనానికి, ఒక సంపన్న కుటుంబం చితికిపోయే ఈ బరువైన కథను వేశారు. జనం విసుక్కున్నారు, నవ్వకూడని చోట నవ్వారు. చాలా చీటీలు తిట్టిపోశాయి, కొన్ని మాత్రం గొప్ప సినిమా అన్నాయి. వెల్స్ అప్పుడు బ్రెజిల్‌లో ఉన్నాడు. స్టూడియో కంగారుపడి నలభై నిమిషాలకు పైగా కోసేసి, ముగింపు మళ్లీ తీయించి, 88 నిమిషాల సినిమాగా విడుదల చేసింది. కోసిన ఫిల్మును తర్వాత నాశనం చేశారు. వెల్స్ తీసిన రూపంలో ఆ సినిమాను ఈరోజు ఎవరూ చూడలేరు.

హాల్లో చూడవలసింది, కాగితం మీద అడగవలసింది

సినిమా వేసే ముందు దర్శకుడు లేచి ‘ఇంకా పూర్తికాలేదండీ, సెకండాఫ్ కొంచెం లాగ్ ఉంటుంది’ అని చెప్పాడంటే ఆ రోజు పని చెడినట్టే. జనం ఆ లాగ్ కోసమే ఎదురుచూస్తారు. ‘సంగీతం, రంగులు తాత్కాలికం’ అన్న ఒక్క మాట చెప్పి లైట్లు ఆర్పడం మంచిది.

ఎడిటర్ పక్క వరుసలో, తెరతోపాటు జనం కూడా కనిపించే చోట కూర్చోవాలి. సినిమా ఎన్ని గంటలకు మొదలైందో రాసుకుంటే, ఎక్కడ ఏం జరిగిందో గడియారం చూసి గుర్తుపెట్టుకోవచ్చు. దగ్గులు పెరగడం, సీట్లలో కదలడం, ఫోన్ వెలుగు, ఒకరి తర్వాత ఒకరు బయటికి లేవడం: ఇవన్నీ ఆ నిమిషం దగ్గర రాసుకోవాలి. మనుషులు కాగితం మీద మొహమాటపడతారు గానీ కుర్చీలో మొహమాటపడరు.

సినిమా అయిపోగానే, ఎవరూ ఎవరితోనూ మాట్లాడకముందే, కాగితం ఇవ్వాలి. ముందు మాటలు మొదలైతే గట్టిగా మాట్లాడేవాడి అభిప్రాయమే అందరిదీ అయిపోతుంది. ప్రశ్నలు ఒక పేజీ దాటకూడదు. మొదటి ప్రశ్న ఇది: ‘ఈ కథను మీ స్నేహితుడికి చెప్పాలంటే నాలుగు వాక్యాల్లో ఎలా చెబుతారు?’ అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇదే. ప్రేక్షకుడి బుర్రలోకి ఎక్కిన సినిమాకూ, మనం తీశామనుకుంటున్న సినిమాకూ మధ్య దూరం ఇక్కడే బయటపడుతుంది. తర్వాత ఇలా అడగొచ్చు: ఎక్కడ అర్థం కాలేదు? ఎక్కడ మనసు పక్కకు పోయింది? ఏ సీను బాగా గుర్తుండిపోయింది? ఎవరి మీద కోపం వచ్చింది, ఎందుకు? ఇంకొకరికి చూడమని చెబుతారా? మనకు ప్రత్యేకంగా అనుమానం ఉన్న సంగతి, ఉదాహరణకు ‘హంతకుడెవరో మీకు ఎప్పుడు తెలిసిపోయింది?’ అన్నది, చివర్లో పెట్టాలి. ముందే పెడితే మిగతా జవాబులు దాని చుట్టూనే తిరుగుతాయి.

‘సెకండాఫ్ లాగ్ అనిపించిందా?’ అని అడగకూడదు, అది జవాబును నోటికి అందించడం. ‘మీరైతే ఏం మారుస్తారు?’ అని కూడా అడగకూడదు. ఆ ప్రశ్న విన్న క్షణం ప్రేక్షకుడు తనకేమనిపించిందో వదిలేసి దర్శకుడైపోతాడు.

కాగితాలు తీసుకున్నాక ఒక అరగంట మాట్లాడించవచ్చు. మాట్లాడించేది దర్శకుడు కాకుండా వేరొకరైతే జనం నిజం చెబుతారు. ఎవరైనా ఒక ఇబ్బంది చెప్పగానే ‘ఇంకెవరికైనా అలా అనిపించిందా, చేతులెత్తండి’ అని లెక్క తీసుకోవాలి. ఎవరేమన్నా ‘అది కాదండీ, మా ఉద్దేశం ఏమిటంటే...’ అని వివరించకూడదు. థియేటర్లో పక్కన కూర్చుని వివరించడానికి మనం ఉండం కదా.

నొప్పి ఒకచోట, కారణం మరోచోట

‘అపోకలిప్స్ నౌ’, ‘గాడ్‌ఫాదర్’ సినిమాలకు పనిచేసిన వాల్టర్ మర్చ్ ఈ విషయంలో చెప్పిన పోలిక ఒకటుంది. మోచేయి నొప్పి అని రోగి వస్తాడు, నరం నొక్కుకున్నది మాత్రం భుజం దగ్గర. రోగి చూపించిన చోటే కోస్తే నొప్పి పోదు. ప్రేక్షకుడు ‘ఫలానా సీను నచ్చలేదు’ అన్నప్పుడు కూడా అంతే. ఆ సీనులో తప్పు ఉండవచ్చు, లేదా ఆ సీను అర్థం కావడానికి అవసరమైనది ముందెక్కడో జారిపోయి ఉండవచ్చు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పాలమూరు పల్లెనుంచి ముంబయికి కూలికి పోయిన తమ్ముడు, ఊళ్లో ఉన్న అక్క. రఫ్ కట్ రెండు గంటల పన్నెండు నిమిషాలు. 85వ నిమిషంలో తమ్ముడు తిరిగొచ్చి, పొలం అమ్మేసిందని అక్కతో గొడవపడతాడు. ఇరవై మంది చూశారు. పన్నెండు మంది ఆ గొడవ దగ్గరినుంచి లాగ్ అన్నారు. ఏడుగురు ఆ సీను తీసేయమన్నారు. తొమ్మిది మందికి అక్క స్వార్థపరురాలిగా కనిపించింది.

చూపించిన చోటే కోసేవాడైతే గొడవ సీనుకు కత్తెర వేస్తాడు. కానీ మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబులు తిరగేస్తే అసలు సంగతి తెలుస్తుంది. తమ్ముడి ప్రయాణానికీ, మేస్త్రీ అప్పుకూ అక్కే పొలం తాకట్టు పెట్టిందన్న ముక్క పదకొండు మంది కథలో లేనే లేదు. ఆ సంగతి 18వ నిమిషంలో ఒకే ఒక్క డైలాగులో ఉంది, దాని మీద ట్రాక్టర్ చప్పుడు, పైగా తాత్కాలిక సంగీతం. తాకట్టు సంగతి తెలియనివాడికి అక్క దొంగలా కనిపిస్తుంది, తమ్ముడి కోపం న్యాయంగా అనిపిస్తుంది, ఇక ఆ తర్వాత అక్క ఏడ్చే సీన్లన్నీ సాగదీసినట్టే ఉంటాయి.

కాబట్టి మందు వేయాల్సింది 18వ నిమిషంలో. ట్రాక్టర్ చప్పుడు తగ్గించి, సంగీతం తీసేసి, పట్టాదారు పాసు పుస్తకం షావుకారు చేతికి వెళ్లే షాట్‌ను మరో మూడు సెకన్లు నిలపాలి. గొడవ సీనును ముట్టుకోకుండా కొత్త ఇరవై మందికి చూపించాలి. ఈసారి నలుగురే లాగ్ అన్నారనుకుందాం, వాళ్లూ గొడవ తర్వాతి రెండు సీన్ల దగ్గరే అన్నారనుకుందాం. అప్పుడు అక్కడ నలభై సెకన్లు తీయవచ్చు. మొదటే కోసి ఉంటే సినిమాకు ప్రాణమైన సీను పోయేది, అక్క మీద కోపం మాత్రం అలాగే మిగిలేది.

అందుకే వచ్చిన మాటలన్నిటినీ నిమిషాల వరుసలో ఒక పట్టికగా రాసుకుని, నాలుగు కుప్పలు చేసుకోవాలి: అర్థం కానివి, విసుగు పుట్టించినవి, నమ్మబుద్ధి కానివి, కేవలం ఇష్టాయిష్టాలు. ముందు సరిచేయాల్సింది అర్థం కానివాటిని, ఎందుకంటే విసుగులో సగం అర్థం కాకపోవడం వల్ల పుట్టేదే. ఒక్కరే అన్న మాటను పక్కన పెట్టుకోవచ్చు. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు నలుగురు ఒకే చోటు చూపిస్తే ఆ చోటును, దాని ముందు నడిచినదాన్ని మళ్లీ చూడాలి. సగం మంది అంటే ఏదో ఒకటి చేసి తీరాలి. సంఖ్యకు ఒక మినహాయింపు ఉంది: ఆసుపత్రి సీనులో సెలైన్ తప్పుగా పెట్టారని ఒక్క నర్సు చెప్పినా అది ఒక్క ఓటు కాదు.

మార్పుల్లో చవకైనవాటితో మొదలుపెట్టాలి. ముందు శబ్దం, తర్వాత ట్రిమ్మింగ్, తర్వాత సీన్ల వరుస, ఆ తర్వాత వీపు కనిపించే షాట్ మీద డబ్బింగ్‌లో కొత్త మాట వేయడం. ఇవేవీ పనిచేయకపోతేనే ప్యాచ్ వర్క్ షూటింగ్.

ఏ మార్పూ ఒక్కచోట ఆగదు. ‘జాస్’ 1975లో డల్లాస్‌లో ప్రివ్యూ వేసినప్పుడు జనం అరుపులు విని స్పీల్‌బర్గ్‌కు ఇంకో అరుపు కావాలనిపించింది. ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్ ఇంటి ఈత కొలనులో, మునిగిన పడవ కన్నంలోంచి తల బయటికొచ్చే షాట్ తీసి కలిపాడు. ఆ అరుపు వచ్చింది. కానీ తర్వాత షార్క్ ఒక్కసారిగా పైకి లేచే చోట అరుపు మునుపటంత రాలేదని ఆయనే చెప్పాడు. ఒకసారి ఉలిక్కిపడిన జనం జాగ్రత్తపడిపోయారు. మార్చిన సీనును విడిగా చూసి సంతోషపడకుండా, సినిమా మొత్తాన్ని మళ్లీ వేసి చూడాలనడానికి ఇదే కారణం.

మన దగ్గర ఈ పని చాలాసార్లు విడుదలయ్యాక జరుగుతోంది. శుక్రవారం టాక్ విని, సోమవారానికి ఇరవై నిమిషాలు ట్రిమ్ చేశామని ప్రకటిస్తారు. అప్పటికి మొదటి వారాంతం టికెట్ కొన్న ప్రేక్షకుడే డబ్బిచ్చి టెస్ట్ స్క్రీనింగ్ చూసినట్టయింది. రెండు నెలల ముందే ఇరవై మందిని పిలిచి, ఒక పేజీ కాగితమిచ్చి, వాళ్లు రాసింది ఓపిగ్గా చదివితే అందులో సగం నష్టం తప్పుతుంది. సినిమా తీసేవాళ్లు ఆ పని చేయాలి. మిమ్మల్ని ఎవరైనా అలా పిలిస్తే మీరు కూడా సలహాలు పక్కన పెట్టి, ఎక్కడ నొప్పెట్టిందో ఆ ఒక్కటి నిజాయితీగా రాయండి.