పొద్దుటి టిక్ టిక్

రాత్రంతా నిలిపి ఉంచిన కారును పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగంలో మొదలై, వేడెక్కేకొద్దీ సన్నగిల్లి ఆగిపోయే టిక్ టిక్ చాలాసార్లు హైడ్రాలిక్ లిఫ్టర్లది. మెకానిక్‌లు దీన్ని టాపెట్ సౌండ్ అంటారు.

కామ్‌షాఫ్ట్‌కూ వాల్వుకూ మధ్య సందు మిగిలితే తిరిగే ప్రతిసారీ లోహం లోహాన్ని కొడుతుంది. పాత ఇంజిన్లలో ఆ సందును ఫీలర్ గేజ్‌తో కొలిచి స్క్రూ తిప్పి సరిచేసేవారు. లిఫ్టర్ ఆ పనిని ఆయిల్ సాయంతో తానే చేసుకుంటుంది. దాని లోపల ఒక ప్లంజర్, ప్లంజర్ కింద ఆయిల్ నిండే చిన్న గది, ఆ గది దారికి అడ్డుగా ఒక గోళీ ఉంటాయి. కామ్ నొక్కగానే గోళీ దారి మూస్తుంది. లోపల చిక్కిన ఆయిల్ నొక్కుకుపోదు కాబట్టి లిఫ్టర్ గట్టి ముక్కలా వాల్వును తెరుస్తుంది. కామ్ వదిలేశాక లోపలి స్ప్రింగ్ ప్లంజర్‌ను ఎత్తి సందు మూస్తుంది, తగ్గిన ఆయిల్ మళ్లీ లోపలికి వస్తుంది.

ఇంజిన్ ఆగినప్పుడు కొన్ని వాల్వులు తెరిచే ఉంటాయి. వాటి స్ప్రింగుల ఒత్తిడికి ఆ లిఫ్టర్లలోని ఆయిల్ ప్లంజర్ అంచుల వెంట మెల్లగా జారిపోతుంది. అందుకే పొద్దున రెండు మూడు సెకన్లు చప్పుడు వస్తే కంగారు అక్కర్లేదు. నిమిషాల తరబడి సాగితే మాత్రం ముందు ఆయిల్‌నే అనుమానించాలి. మార్చకుండా వాడిన ఆయిల్ లోపల జిగురు పూతలా పేరుకుంటుంది. గోళీ సరిగా మూసుకోదు, ప్లంజర్ బిగుసుకుంటుంది. వేడికి ఆయిల్ పలచబడి గదులు నిండాకగానీ చప్పుడు ఆగదు.

5డబ్ల్యూ-30 వాడమన్న ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోశారనుకుందాం. రెండో ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు బాగా చిక్కన, లిఫ్టర్ దాకా చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఐడిల్‌లో ఇంజిన్ నిమిషానికి 800 సార్లు తిరిగితే ప్రతి వాల్వూ 400 సార్లు తెరుచుకుంటుంది, అంటే సెకనుకు ఆరేడు టిక్కులు. ముందుగా డిప్‌స్టిక్ చూడాలి. మట్టం మరీ తగ్గినా, మరీ ఎక్కువైనా ఆయిల్‌లో గాలి కలుస్తుంది. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి లిఫ్టర్ మెత్తబడుతుంది. ఆ తర్వాత సరైన గ్రేడ్ ఆయిల్, మంచి ఫిల్టర్ వేసి కొన్ని వందల కిలోమీటర్లు నడపాలి. జిగురు ఒక్కరోజులో కరగదు. బాగా మడ్డి పట్టిన ఇంజిన్‌లో ఫ్లష్ మందు పోయడం కంటే తదుపరి ఆయిల్‌ను ముందే మార్చడం మేలు. ఊడిన మడ్డి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడవచ్చు. అయినా చప్పుడు తగ్గకపోతే పైకప్పు మీద స్టెతస్కోపు పెట్టి ఏ లిఫ్టరో వెతికి మార్చాల్సిందే.

ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ గ్యాస్కెట్ లీకైనా ఇలాగే టిక్కుమంటుంది, లోహం వేడికి వ్యాకోచించాక ఆగుతుంది. జాయింటు దగ్గర నల్లటి మసి దాన్ని పట్టిస్తుంది. వేడెక్కాక చప్పుడు పెరిగితే విషయం వేరు: ఆయిల్ ప్రెషర్ పడిపోతూ ఉండవచ్చు. ప్రెషర్ బాగా పడిపోయాకగానీ ఎర్ర దీపం వెలగదు కనుక, దాన్ని నమ్ముకోకుండా గేజ్ పెట్టి కొలిపించాలి.